‘కట్టండి’ లేదా ‘వద్దు’: ఆమోదం అడిగే ఆఖరి వాక్యం

2021 మార్చి. కెనడాలోని సస్కచవాన్ రాష్ట్రంలో ధాన్యం కొనే కంపెనీ ప్రతినిధి ఒకరు ఒక రైతుతో ఫోన్‌లో బేరం మాట్లాడాడు. సరుకు అవిసె గింజలు, సుమారు 86 టన్నులు. ధర బుషెల్‌కు 17 డాలర్లు. నవంబరులో చేరవెయ్యాలి. మాటలయ్యాక అతను ఒప్పంద పత్రం మీద సంతకం చేసి, దాన్ని ఫోటో తీసి రైతు ఫోన్‌కు పంపాడు. దాని కింద, అవిసె ఒప్పందాన్ని ఖరారు చేయండి అని ఒక్క ముక్క రాశాడు. రైతు జవాబుగా బొటనవేలు ఎత్తి చూపే బొమ్మ పంపాడు. ఒక్క అక్షరం కూడా రాయలేదు.

నవంబరు వచ్చింది, గింజలు రాలేదు. ఈలోగా మార్కెట్లో అవిసె ధర రెట్టింపు దాటిపోయింది. కంపెనీ కోర్టుకెక్కింది. ‘బొటనవేలు చూపించాడంటే ఒప్పుకున్నట్టే’ అని కంపెనీ వాదన. ‘ఫోటో అందిందని చెప్పానంతే, పూర్తి షరతులు తర్వాత వస్తాయనుకున్నాను’ అని రైతు వాదన. ఆ ఇద్దరి మధ్య అంతకుముందు జరిగిన బేరాలను జడ్జి తిరగేసి చూశారు. అప్పుడూ ఇలాగే సందేశాలు వచ్చాయి. రైతు ‘ఓకే’ అనో ‘బాగుంది’ అనో పొట్టిగా జవాబిచ్చి, చెప్పిన సరుకు చేరవేశాడు. కాబట్టి ఈసారి బొమ్మ కూడా ఒప్పుకోలే అని 2023లో తీర్పు చెప్పి, 82 వేల కెనడియన్ డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమన్నారు. 2024 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా మెజారిటీతో ఆ తీర్పునే నిలబెట్టింది.

ఎమోజీ కూడా సంతకమేనా అని అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకుంది. ఆమోదాలు అడిగేవాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి మాత్రం ఆ బొమ్మకు పైన ఉన్న వాక్యంలో ఉంది. ఖరారు చెయ్యమని అడిగింది గానీ, ఏమని జవాబిస్తే ఖరారైనట్టో అది చెప్పలేదు. ‘ఒప్పుకుంటే ఒప్పుకున్నాను అని, లేకపోతే వద్దు అని రాయండి’ అన్న మాట కూడా ఉంటే, అందిందన్న కబురుకూ ఆమోదానికీ తేడా అక్కడే తేలిపోయేది.

మన ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల్లో, గుడి కమిటీల్లో, స్కూలు యాజమాన్యాల దగ్గర రోజూ తిరిగే విన్నపాల చివరి వాక్యాలు చూడండి. ‘ఇది మీ దృష్టికి తెస్తున్నాను.’ ‘ఒకసారి చూసి చెప్పగలరు.’ ‘తగు చర్య నిమిత్తం.’ ‘మీరేమంటారో!’ మర్యాదకు లోటు లేదు. చదివే మనిషి చెయ్యాల్సింది ఏమిటో మాత్రం వీటిలో ఏదీ చెప్పదు. చూశాను అంటే సరిపోతుందా, డబ్బు విడుదల చెయ్యమనాలా, రెండు కొటేషన్లలో ఒకటి ఎంచాలా? తేల్చుకోలేని మనిషి రెండింటిలో ఒకటి చేస్తాడు. జవాబు వాయిదా వేస్తాడు, లేదా ‘సరే’ అని ఊరుకుంటాడు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. దేనికి సరే అన్నాడో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు.

ఈ చిక్కును మన ప్రభుత్వ కార్యాలయాలు ఏనాడో గుర్తించాయి. ఫైలులో కింది ఉద్యోగి నోట్ రాసి పైకి పంపుతాడు. కేంద్ర సచివాలయ కార్యవిధానాల మాన్యువల్ ప్రకారం అలాంటి నోట్‌లో తేలాల్సిన ప్రశ్న ఏమిటి, అది ఎందుకు వచ్చింది, నిబంధనలేమంటున్నాయి, ఏ నిర్ణయం తీసుకుంటే ఏమవుతుంది అన్నవి చెప్పి, ఏం చెయ్యాలో సూచించాలి. నోట్ నాలుగు పేజీలున్నా, పై అధికారి ఆమోదించాల్సింది ఒక్క పేరానే కావచ్చు. అందుకే ఆ పేరా పక్కన మార్జిన్‌లో నిలువు గీత గీసి ‘ఎ’ అనో ‘ఎక్స్’ అనో గుర్తు పెట్టడం అలవాటు. అధికారి కింద ‘ఎక్స్ ఆమోదించడమైనది’ అని రాసి సంతకం పెడితే, పదేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు ఫైలు తెరిచినా ఆయన దేనికి ఒప్పుకున్నారో సందేహం ఉండదు. ఆ గుర్తు లేకుండా ‘ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది’ అని మాత్రమే ముగిసిన నోట్ చాలాసార్లు ‘మాట్లాడండి’ అన్న ఒక్క మాట వ్యాఖ్యతో కిందికి దిగి వస్తుంది. మళ్లీ ఒక మీటింగు, మళ్లీ ఒక నోట్.

అమెరికా అధ్యక్షుల దగ్గరికి వెళ్లే కాగితాలదీ ఇదే పద్ధతి. నిక్సన్‌కు కిసింజర్ పంపిన మెమోలను ఆ దేశ విదేశాంగ శాఖ సంపుటాలుగా అచ్చు వేసింది. వాటిలో చాలా మెమోలు ఒక సిఫారసుతో ముగుస్తాయి. దాని కింద ‘ఆమోదం’, ‘తిరస్కారం’ అని ఉండి, ఒక్కోదాని పక్కన ఖాళీ గీత ఉంటుంది. అధ్యక్షుడు ఒక గీత మీద పొడి అక్షరాలు వేస్తే పని అయిపోయినట్టే. విదేశాంగ విధానమంత పెద్ద విషయాన్ని ఒక గీత దగ్గరికి తెచ్చి పెట్టడం అడిగేవాడి బాధ్యత. అధ్యక్షుడు కూర్చుని జవాబును వాక్యంగా కూర్చాల్సిన అవసరం ఉండదు.

ఈమెయిల్, వాట్సాప్‌ల కాలంలో మార్జిన్ లేదు, ఖాళీ గీత లేదు. వాటి స్థానంలోకి వచ్చింది బోల్డ్ అక్షరాల్లో రాసే ఆఖరి వాక్యం. దాన్ని ఎలా రాయాలో ఒక ఉదాహరణలో చూద్దాం.

హైదరాబాద్‌లో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకుందాం. బి బ్లాకు లిఫ్టు తాళ్లు అరిగిపోయాయి. సంఘం నిబంధనల ప్రకారం లక్ష రూపాయలు దాటిన ఖర్చుకు అధ్యక్షుడి ఆమోదం కావాలి. ఆయన కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లారు. ఇక్కడ పొద్దున్న అయితే అక్కడ ముందురోజు రాత్రి. కార్యదర్శి మొదట పంపిన సందేశం ఇలా ఉంది:

‘సార్, నమస్తే. బి బ్లాకు లిఫ్టు సోమవారం నుంచి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి తాళ్లు మార్చాలన్నాడు. కంపెనీ వాళ్లు 1,38,000 అంటున్నారు. బయట సర్వీసు వాళ్లనడిగితే 1,12,000కు చేస్తామన్నారు. కంపెనీ వాళ్లయితే ఏడాది గ్యారంటీ. బయటివాళ్లతో చేయిస్తే ఏఎంసీ రద్దవుతుందట. ఐదో అంతస్తులో పెద్దవాళ్లు చాలా ఇబ్బంది పడుతున్నారు. పార్కింగ్‌లో సీసీ కెమెరా కూడా పాడైంది, దానికో 9,000 అవుతుంది. అడ్వాన్సు అడుగుతున్నారు. మీరొకసారి చూసి చెప్పగలరు.’

డాలస్ నుంచి జవాబు: ‘సరే, అలాగే కానివ్వండి.’

పెద్దాయన మనసులో ఉన్నది తక్కువ ధర కొటేషన్. కార్యదర్శికి అర్థమైంది కంపెనీ కొటేషన్. కెమెరా సంగతి ఆయన గమనించారో లేదో తెలియదు. అడ్వాన్సు ఎంతో ఇద్దరూ అనుకోలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ‘ఇరవై ఆరు వేలు ఎక్కువ ఎందుకిచ్చారు?’ అని ఎవరైనా అడిగితే చూపించడానికి కార్యదర్శి దగ్గరున్నది ఆ ‘అలాగే’ ఒక్కటే. ఏది అలాగే?

ఇదే విషయాన్ని ఇలా రాయొచ్చు:

‘సార్, నమస్తే. బి బ్లాకు లిఫ్టు తాళ్ల ఖర్చుకు మీ ఆమోదం కోసం. తాళ్లలో తీగలు తెగుతున్నాయని ఏఎంసీ కంపెనీ మెకానిక్ సోమవారం రాసిచ్చాడు. అప్పటి నుంచి లిఫ్టు ఆపేశాం. రెండు కొటేషన్లు జతచేశాను. కంపెనీది రూ.1,38,000, ఏడాది గ్యారంటీ. బయటి సర్వీసు వాళ్లది రూ.1,12,000, ఆరు నెలల గ్యారంటీ, పైగా వాళ్లతో చేయిస్తే కంపెనీ ఏఎంసీ రద్దవుతుంది. రెండింటిలోనూ జీఎస్టీ కలిసే ఉంది. నిధిలో రూ.4,10,000 ఉంది. ఏఎంసీ పోకూడదు కాబట్టి కంపెనీకే ఇద్దామని నా అభిప్రాయం. అడ్వాన్సు అందిన నాలుగో రోజుకు పని పూర్తి చేస్తామన్నారు.

కంపెనీకి రూ.1,38,000కు పని అప్పగించి, సగం అడ్వాన్సు రూ.69,000 గురువారం సాయంత్రం 5 గంటల (ఇక్కడి టైము) లోపు కట్టమంటారా? జవాబు: ‘కట్టండి’ లేదా ‘వద్దు’ లేదా ‘ఫోన్ చేయండి’.’

మొదటి సందేశంలో ఉన్న సమాచారంలో ముఖ్యమైనదంతా ఇందులోనూ ఉంది. మారింది ఆఖరి వాక్యం. అందులో ఎవరికి, ఎంతకు, ఇప్పుడు ఎంత చెల్లించాలి, ఎప్పటిలోగా అన్నవి ఉన్నాయి. ఏ మాటతో జవాబివ్వాలో కూడా ఉంది. డాలస్‌లో రాత్రి నిద్రకు ముందు ఫోన్ చూసిన మనిషి ఒక్క మాట టైపు చేస్తే చాలు. ఆ మాట ఏ అంకెకు, ఏ కంపెనీకి అతుక్కుంటుందో ఎవరూ ఊహించనక్కర్లేదు. ‘ఫోన్ చేయండి’ అన్న మూడో దారి కూడా ఊరికే పెట్టింది కాదు. అవుననడానికీ కాదనడానికీ మనసొప్పని మనిషి ఆ దారి లేకపోతే మౌనంలోకి వెళ్లిపోతాడు.

గమనించాల్సింది ఇంకొకటుంది. సీసీ కెమెరా ఈ సందేశంలో లేదు. దానికి వేరే సందేశం వెళ్తుంది. ఒక విన్నపంలో రెండు నిర్ణయాలు అడిగితే, వచ్చే ఒక్క ‘సరే’ మొదటిదానికా రెండోదానికా అన్న తగువు మిగులుతుంది. పనికీ అడ్వాన్సుకూ అలా విడదీసే అవసరం లేదు. అడ్వాన్సు లేనిదే పని మొదలుకాదు కాబట్టి ఆ రెండూ కలిసి ఒకటే నిర్ణయం. అధ్యక్షుడు ఒకదానికి అవునని, రెండోదానికి కాదని అనే వీలుందా? ఉంటే అవి రెండు విన్నపాలు. విడదీయడం కుదరనే కుదరదంటే, వాటికి 1, 2 అని అంకెలు వేసి, ‘1కి, 2కి విడివిడిగా జవాబివ్వండి’ అని ఆఖరి వాక్యంలోనే చెప్పాలి.

బోల్డ్ చెయ్యడం సులువే. ఈమెయిల్లో వాక్యాన్ని ఎంచుకుని Ctrl+B నొక్కాలి. వాట్సాప్‌లో వాక్యానికి రెండువైపులా నక్షత్రం గుర్తు పెట్టాలి. గుర్తుకూ అక్షరానికీ మధ్య ఖాళీ ఉండకూడదు:

```
*కంపెనీకి రూ.69,000 అడ్వాన్సు కట్టమంటారా?*
```

విన్నపం మొత్తంలో బోల్డ్‌లో ఉండాల్సింది ఈ ఒక్క వాక్యమే. ధరలు బోల్డ్, తేదీలు బోల్డ్, ‘అర్జెంట్’ బోల్డ్ అయితే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. రంగులు, పసుపు హైలైట్ నమ్ముకోవడం కూడా అంత మంచిది కాదు, కొన్ని ఫోన్లలో డార్క్ మోడ్‌లో అవి చదవడానికే కష్టం. కొన్ని ఆఫీసుల మెయిల్ వ్యవస్థలు అలంకారాలన్నీ తీసేసి ఉత్త అక్షరాలే చూపిస్తాయి, బోల్డ్ కూడా పోతుంది. అందుకే ఆ వాక్యానికి పైనా కిందా ఒక్కో ఖాళీ వరుస వదలాలి. బోల్డ్ పోయినా విడిగా నిలబడుతుంది.

ఫోన్ తెర తెచ్చిపెట్టే చిక్కులు రెండున్నాయి. వాట్సాప్‌లో సందేశం పొడవైతే చివరి భాగం ‘ఇంకా చదవండి’ అన్న లింకు వెనక్కి పోతుంది. అంటే ముఖ్యమైన వాక్యమే కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. పైగా ఆ సందేశాన్ని పట్టుకుని జవాబిస్తే, జవాబు పైన సందేశంలోని మొదటి ముక్కలే కనిపిస్తాయి గానీ ఆఖరి వాక్యం కనిపించదు. దీనికి తేలికైన మార్గం, నిర్ణయం అడిగే వాక్యాన్ని వెంటనే రెండో సందేశంగా విడిగా పంపడం. అప్పుడు పెద్దాయన దాన్నే పక్కకు జరిపి ‘కట్టండి’ అంటే ప్రశ్నా జవాబూ ఒకేచోట కలిసి ఉంటాయి. ఆ ఒక్క తెర ఫోటో సమావేశంలో చూపించడానికి సరిపోతుంది. ఈమెయిల్లో అయితే ఈ వాక్యం మన పేరూ హోదా వచ్చే సంతకానికి పైన ఉండాలి. సంతకం మొదలవగానే విషయం అయిపోయిందనుకుని చదవడం ఆపేవాళ్లే ఎక్కువ.

మరి అసలు విషయం చివర్లో ఎందుకు, మొదట్లోనే అడగొచ్చు కదా? అడగొచ్చు. విషయం ఫలానా ఆమోదం కోసమని మొదటి వరుసలో, ఈమెయిల్ సబ్జెక్టులో చెప్పాల్సిందే. పైన రాసిన రెండో సందేశం కూడా అలాగే మొదలైంది. నిర్ణయం అడిగే పూర్తి వాక్యానికి మాత్రం చివరే సరైన చోటు. కొటేషన్ల తేడా, గ్యారంటీ, ఏఎంసీ సంగతి చదవకముందే కనబడితే తొందరలో ‘కట్టండి’ అనేసి మిగతాది చదవకపోవచ్చు. రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఆమోదం విలువ సగమే.

ప్రశ్నను వ్యతిరేకార్థంలో అడగకపోవడం మరో జాగ్రత్త. ‘పని ఆపేయమనడం లేదుగా?’ అని అడిగితే ‘అవును’ అన్నా ‘లేదు’ అన్నా రెండింటికీ రెండర్థాలు. ‘మీకు అభ్యంతరం లేదు కదా?’ అన్నదీ అంతే. జరగాల్సిన పనిని సూటిగా చెప్పి, దానికి అవునా కాదా అని అడగాలి. ఆఖరి వాక్యంలోని అంకె పైన ఉన్న అంకెతో, జతచేసిన కొటేషన్‌తో సరిపోవాలి. పైన జీఎస్టీ కలపని మొత్తం రాసి, కింద కలిపిన మొత్తం అడిగితే ఆ వాక్యం ఉన్నా లేనట్టే.

గడువు పెట్టినప్పుడు చాలామంది చేసే పొరపాటు ‘గురువారంలోపు జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే భావిస్తాం’ అని రాయడం. తెలంగాణలో ఇళ్ల అనుమతులకు తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంలో గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అన్న నియమం ఉంది. అది శాసనసభ చేసిన చట్టం. అపార్ట్‌మెంట్ కార్యదర్శికో, ఆఫీసు ఉద్యోగికో సొంతంగా అలాంటి అధికారం రాదు, డబ్బు విషయంలో అసలే రాదు. దానికి బదులు గడువు దాటితే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెప్పొచ్చు: ‘గురువారం దాటితే కంపెనీ మళ్లీ వచ్చే వారమే వస్తుంది, అప్పటిదాకా లిఫ్టు ఆగే ఉంటుంది.’ బెదిరింపు లేదు, తొందర ఎందుకో మాత్రం తెలిసిపోతుంది.

జవాబు వచ్చాక కూడా ఒక పని ఉంటుంది. బొటనవేలు బొమ్మ మాత్రమే వస్తే ‘కట్టండి అనే కదా సార్, గురువారం రూ.69,000 పంపుతున్నాను’ అని ఒక వరుస రాసి, ఆయన నోట ఆ మాట రప్పించుకోవడం మేలు. ఆమోదం వచ్చాక ధర పెరిగినా, కంపెనీ మారినా పాత ఆమోదం చెల్లదు, కొత్త విన్నపం పంపాలి. పాత సందేశాన్ని సవరించడం అస్సలు వద్దు. పంపిన పదిహేను నిమిషాల దాకా సందేశాన్ని మార్చుకోనిస్తుంది వాట్సాప్. ఆమోదం తర్వాత మార్చితే, మంచి ఉద్దేశంతో మార్చినా అనుమానమే మిగులుతుంది.

ఇంత పట్టింపు దేనికి, ఒక మెయిలేగా అనిపించొచ్చు. ట్రైమెక్స్, వేదాంత కంపెనీల బాక్సైట్ వివాదంలో 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే అలా అనిపించదు. అయిదు ఓడల సరుకుకు ఒప్పుకుంటున్నట్టు వెళ్లిన ఈమెయిల్‌తోనే కాంట్రాక్టు కుదిరిపోయిందని కోర్టు చెప్పింది. పెద్ద ఒప్పంద పత్రం మీద ఇంకా సంతకాలు కాలేదు కదా అన్న వాదన నిలవలేదు. ఒక్క వరుస జవాబుకు అంత బరువున్నప్పుడు, ఆ జవాబు దేనికో చెప్పే వాక్యానికీ అంతే బరువుంటుంది.

ఈ వాక్యం చెయ్యలేని పనులూ ఉన్నాయి. కొటేషన్ ఒక్కటే తెచ్చి, రెండోది అడగకుండా, ‘కట్టమంటారా?’ అని ఎంత స్పష్టంగా రాసినా ఆ విన్నపం బలహీనమే. అధికారం లేని మనిషి ఎంత సూటిగా ‘కట్టండి’ అన్నా అది ఆమోదం కాదు. ఇద్దరు ముగ్గురి అభిప్రాయాలు కలిసి తేలాల్సిన విషయాన్ని ఒక్కరి అవును, కాదులకు కుదించడం కూడా తప్పే. సభ్యుల నెలవారీ మెయింటెనెన్స్ పెంచాలా అన్నది అధ్యక్షుడికి వాట్సాప్‌లో పంపే ప్రశ్న కాదు, సర్వసభ్య సమావేశంలో చర్చించి తేల్చాల్సిన ప్రశ్న.

ఈసారి ఎవరి ఆమోదమైనా కోరుతూ రాసినప్పుడు, పంపేముందు ఆఖరి వాక్యాన్ని మాత్రం ఇంట్లోనో ఆఫీసులోనో ఆ విషయం తెలియని మనిషికి చదివి వినిపించండి. దీనికి నువ్వైతే ఏమని జవాబిస్తావు అని అడగండి. ‘ఇంతకీ ఏం అడుగుతున్నారు?’ అని ఎదురు ప్రశ్న వస్తే, పంపకండి, తిరగరాయండి.